కత్తిరించినా పోని పిక్సెళ్లు

ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి నిర్వహణ బకాయిల వివరాలను సభ్యులందరికీ పంపాలనుకున్నాడనుకుందాం. చేతిరాత రిజిస్టరులో ఒక పేజీని ఫోన్‌తో ఫోటో తీశాడు. అందులో ఫ్లాట్ నంబర్లు, బకాయి మొత్తాలు ఉన్నాయి. కుడివైపు చివరి రెండు గళ్లలో ఇంటి యజమానుల ఫోన్ నంబర్లు, అద్దెకున్నవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. అవి అందరికీ తెలియక్కర్లేదు. అందుకని ఫోటోను వర్డ్ డాక్యుమెంటులో పెట్టి, కుడి అంచును లోపలికి జరిపి ఆ గళ్లను తీసేశాడు. పైనా కిందా అక్కర్లేని వరుసలనూ అలాగే క్రాప్ చేశాడు. చూడ్డానికి చక్కగా కుదిరింది. ఫైల్ సేవ్ చేసి గ్రూపులో పెట్టాడు.

ఆ ఫైల్‌ను కంప్యూటర్‌లో తెరిచిన ఎవరైనా ఫోటో మీద ఒకసారి నొక్కి, పైన Picture Format వరుసలో ఉండే Crop బొత్తాన్ని నొక్కితే చాలు. కత్తిరించిన గళ్లు మసక రంగులో పక్కనే ప్రత్యక్షమవుతాయి. అంచును పట్టుకుని బయటికి లాగితే రిజిస్టరు పేజీ మొత్తం తిరిగొస్తుంది. దీనికి హ్యాకింగ్ విద్యలేవీ అక్కర్లేదు. వర్డ్ తాను చేయాల్సిన పనినే చేసింది. కార్యదర్శి మనసులో క్రాప్ అంటే కోసి పారేయడం. వర్డ్ లెక్కలో క్రాప్ అంటే ఫోటోలో ఇంత భాగాన్ని మాత్రమే చూపించమని రాసిపెట్టుకోవడం.

ఆ రాసిపెట్టుకున్న మాటను కళ్లారా చూడొచ్చు. .docx అని ముగిసే ప్రతి వర్డ్ ఫైలూ నిజానికి ఒక జిప్ ఫైలే. దానికి ఒక నకలు తీసి, పేరు చివర .docx బదులు .zip అని మార్చి తెరిస్తే లోపల కొన్ని ఫోల్డర్లు కనిపిస్తాయి. word అనే ఫోల్డర్లో media అని మరొకటి ఉంటుంది. డాక్యుమెంటులోని బొమ్మలన్నీ image1.jpeg, image2.png లాంటి పేర్లతో అక్కడే ఉంటాయి. కార్యదర్శి పెట్టిన ఫోటో కూడా అక్కడే, ఫోన్ నంబర్ల గళ్లతో సహా, మామూలు ఫోటోలాగే తెరుచుకుంటుంది.

మరి క్రాప్ సంగతి ఎక్కడుంది? అదే word ఫోల్డర్లోని document.xml అనే ఫైల్లో, ఆ బొమ్మకు సంబంధించిన చోట ఇలాంటి ఒక్క పంక్తిలో ఉంటుంది:

```xml
<a:srcRect t="10000" r="35000" b="40000"/>
```

ఇందులో t అంటే పై అంచు, r అంటే కుడి అంచు, b అంటే కింది అంచు. ఎడమ అంచుకు l ఉంటుంది కానీ ఇక్కడ ఎడమవైపు ఏమీ తీయలేదు కాబట్టి అది లేదు. అంకెలు శాతంలో వెయ్యో వంతులు. లక్ష అంటే నూరు శాతం. అంటే పైనుంచి 10 శాతం, కుడినుంచి 35 శాతం, కిందినుంచి 40 శాతం చూపించొద్దని అర్థం. ఫోన్ తీసిన ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 పిక్సెళ్ల ఎత్తు అనుకుంటే మొత్తం కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు. పేజీ మీద కనిపించేది 2600 వెడల్పు, 1500 ఎత్తు గల ముక్క, అంటే 39 లక్షల పిక్సెళ్లు. మిగతా 81 లక్షలు కనిపించవు, అయినా ఫైల్లోనే ఉండి ఫైలుతోపాటే ప్రయాణిస్తాయి. మొత్తం ఫోటోలో మూడింట రెండు వంతులన్నమాట.

పవర్‌పాయింట్‌లోనూ ఇదే ఏర్పాటు. బొమ్మలుండే ఫోల్డర్ పేరు మాత్రం ppt/media. గూగుల్ డాక్స్, గూగుల్ స్లైడ్స్‌లో క్రాప్ చేసిన బొమ్మ మీద Reset image అంటే మొదటి రూపం వచ్చేస్తుంది. ఫోటోషాప్‌లో క్రాప్ పరికరం పట్టుకున్నప్పుడు పైన Delete Cropped Pixels అనే చిన్న గడి ఉంటుంది. అందులో టిక్ లేకపోతే కత్తిరించిన భాగం ఆ పీఎస్‌డీ ఫైల్లోనే దాగి ఉంటుంది. ఐఫోన్ ఫోటోల యాప్ కూడా అసలు ఫోటోను పక్కన భద్రపరిచి, ఎప్పుడు కావాలంటే అప్పుడు Revert అనడానికి వీలుంచుతుంది.

ఇన్ని సంస్థలు ఒకే దారి పట్టడానికి కారణముంది. పేజీ మీద బొమ్మను ఒక్కసారికే సరిగ్గా క్రాప్ చేసేవాళ్లు తక్కువ. గ్రూప్ ఫోటోలో చివరన నిలబడ్డవారి భుజం తెగిపోయిందని మర్నాడు తెలుస్తుంది. పత్రిక పేజీలో గడి కాస్త వెడల్పయితే బొమ్మ కూడా కాస్త వెడల్పవ్వాలి. పిక్సెళ్లను నిజంగానే పారేస్తే అసలు ఫోటోను మళ్లీ వెతికి తెచ్చుకోవాలి. పైగా జేపెగ్ బొమ్మను కోసి తిరిగి సేవ్ చేసిన ప్రతిసారీ నాణ్యత కొంత తగ్గుతుంది. అసలును ముట్టుకోకుండా ఎంత చూపించాలో మాత్రమే రాసుకుంటే ఈ రెండు ఇబ్బందులూ ఉండవు. దిద్దుబాటు చేసుకునే మనిషికి ఇది సౌకర్యమే. ఫైల్ ఆ మనిషి కంప్యూటర్ దాటి ఇంకొకరి చేతిలో పడ్డప్పుడే చిక్కు మొదలవుతుంది.

గోప్యత సంగతి అలా ఉంచితే, సైజు మాట. ఒక పాఠశాల వార్షికోత్సవానికి ముప్పై ఫోటోలతో పవర్‌పాయింట్ తయారైందనుకుంటే, ఒక్కో ఫోటో 4 ఎంబీ చొప్పున అది 120 ఎంబీ దాకా పెరుగుతుంది. ప్రతి ఫోటోలో ముఖాలున్న భాగమే ఉంచి మిగతాది క్రాప్ చేసినా ఫైల్ ఒక్క ఎంబీ కూడా తగ్గదు. జీమెయిల్‌లో జతచేసే ఫైళ్లకు పరిమితి 25 ఎంబీ. సగానికి సగం కోసేసినా మెయిల్ ఎందుకు పోవడం లేదని తలపట్టుకునేవాళ్లకు జవాబు ఆ media ఫోల్డర్లో ఉంటుంది. స్లైడు మీద చిన్నగా కనిపించే ముఖం వెనక మొత్తం వేదిక, బ్యానర్, ముందు వరుసలో కుర్చీలు అన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి.

పారేసే పద్ధతీ వర్డ్, పవర్‌పాయింట్‌లలోనే ఉంది, కాకపోతే అది అడిగినవాళ్లకే. ముందు ఫైల్‌కు ఒక నకలు తీసి పెట్టుకోవాలి. ఎందుకంటే సేవ్ చేసి మూసేశాక పారేసిన భాగం ఆ ఫైల్లోకి తిరిగి రాదు. ఇప్పుడు ఫోటో మీద నొక్కి, Picture Format వరుసలో Compress Pictures తెరవాలి. అక్కడ రెండు గడులు ముఖ్యం. Delete cropped areas of pictures అన్నదానికి టిక్ ఉండాలి. Apply only to this picture అన్నదానికి టిక్ ఉంటే ఎంచుకున్న ఒక్క బొమ్మకే పని జరుగుతుంది. అన్ని బొమ్మలకూ జరగాలంటే ఆ టిక్ తీసేయాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు. ఒక్క ఫోటో శుభ్రమవుతుంది, మిగతా ఇరవై తొమ్మిదీ అలాగే ఉండిపోతాయి.

అదే పెట్టెలో రిజల్యూషన్ ఎంపికలూ ఉంటాయి. అది వేరే విషయం. రిజల్యూషన్ తగ్గించడమంటే కనిపించే భాగాన్నే ముతకగా చేయడం. తెర మీద చూపించడానికి పరవాలేదు కానీ అచ్చు వేయాల్సిన పేజీకి అది నష్టం. సైజు తగ్గాలి, బొమ్మ స్పష్టంగానూ ఉండాలి అనుకునేవాళ్లు కత్తిరించిన భాగాన్ని పారేయమని చెప్పి, రిజల్యూషన్‌ను ఉన్నదాంట్లో ఎక్కువ దగ్గర ఉంచుకోవచ్చు.

ఆ తర్వాత ఫైల్ సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచి చూడాలి. ఫోటో మీద Crop నొక్కినప్పుడు చుట్టూ మసక భాగం రాకూడదు. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే పాత దారే: నకలు తీసి, .zip గా మార్చి, media ఫోల్డర్లో బొమ్మను తెరిచి చూడటం. రిజిస్టరు ఫోటో ఇప్పుడు 2600, 1500 పిక్సెళ్లకు మించకూడదు. ఫోన్ నంబర్ల గళ్లు అందులో కనిపించకూడదు. 4000 పిక్సెళ్ల బొమ్మ ఇంకా అక్కడే ఉంటే పని జరగనట్టే.

ఫైల్‌ను లింకు ద్వారా పంచుకున్నప్పుడు ఇంకొకటి గమనించాలి. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ లాంటివి పాత వెర్షన్లను దాచి ఉంచుతాయి. దిద్దే అనుమతి ఉన్నవాళ్లు వెర్షన్ చరిత్ర తెరిచి, శుభ్రం చేయకముందరి రూపాన్ని చూడగలరు. అలాంటప్పుడు శుభ్రం చేసిన ఫైల్‌ను కొత్త పేరుతో కొత్తగా ఎక్కించి, దాని లింకునే పంపడం మేలు.

వర్డ్ ఫైల్‌ను పీడీఎఫ్‌గా మార్చి పంపితే గొడవ వదిలిపోతుందని ఒక నమ్మకముంది. దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. పీడీఎఫ్‌లో కూడా ఒక బొమ్మను పూర్తిగా లోపల ఉంచి, దాని మీద ఒక కిటికీ పెట్టి, ఆ కిటికీలోంచి కనిపించేదే చూపించే వీలుంది. పేజీల విషయంలోనైతే ఈ పద్ధతికి పేరు కూడా ఉంది. ప్రతి పీడీఎఫ్ పేజీకీ MediaBox అని మొత్తం కాగితం కొలత ఉంటుంది. CropBox అని చూపించాల్సిన భాగం కొలత ఉంటుంది. ఆక్రోబాట్‌లో పేజీని క్రాప్ చేస్తే మారేది CropBox ఒక్కటే. అంచుల అవతల ఉన్న అక్షరాలు, సంతకాలు, బొమ్మలు ఫైల్లోనే ఉంటాయి, ఫైల్ సైజూ తగ్గదు. వాటిని నిజంగా తీసేయడానికి ఆక్రోబాట్‌లో విడిగా Remove Hidden Information అనే పని ఉంది. పీడీఎఫ్ లోపల ఏ బొమ్మలున్నాయో చూడాలంటే పాప్లర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఈ ఆదేశం సరిపోతుంది:

```
pdfimages -all notice.pdf bomma
```

ఇది notice.pdf లోని బొమ్మలన్నింటినీ విడివిడి ఫైళ్లుగా బయటికి తీస్తుంది. అందులో రిజిస్టరు పేజీ పూర్తిగా వచ్చిందంటే, పంపకముందే దొరికింది కాబట్టి సంతోషించాలి.

ఇంతవరకూ చెప్పినవన్నీ కావాలని దాచిపెట్టే ఏర్పాట్లు. సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లకు తెలుసు, మెనూలో బొత్తం కూడా ఉంది. రెండో రకం ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ యాప్ కత్తిరించిన భాగాన్ని పారేశాననే అనుకుంది, వాడుకున్న మనిషీ అలాగే అనుకున్నాడు. పిక్సెళ్లు మాత్రం ఫైల్ చివర మిగిలిపోయాయి. 2023 మార్చిలో బయటపడిన ఆ లోపానికి ఎక్రోపాలిప్స్ అని పేరు పెట్టారు. భద్రతా లోపాల జాబితాలో దాని సంఖ్య CVE-2023-21036.

గూగుల్ పిక్సెల్ ఫోన్లలో స్క్రీన్‌షాట్ తీయగానే దాన్ని అక్కడికక్కడే క్రాప్ చేసి, గీతలు గీసుకోవడానికి మార్కప్ అనే యాప్ ఉంది. సైమన్ ఆరన్స్, డేవిడ్ బుకానన్ అనే ఇద్దరు ఆ యాప్ సేవ్ చేసిన ఫైళ్లలో ఒక వింత గమనించారు. చిన్న ముక్కగా క్రాప్ చేసిన స్క్రీన్‌షాట్ ఫైల్ సైజు, క్రాప్ చేయకముందు ఎంతుందో దాదాపు అంతే ఉంటోంది. చూపించేది పావు వంతు బొమ్మ, బరువు మాత్రం పూర్తి బొమ్మది.

పాటల క్యాసెట్ల కాలం గుర్తున్నవాళ్లకు జరిగిందేమిటో తేలిగ్గా అర్థమవుతుంది. గంట నిడివి పాటలున్న టేపు మీద పావుగంట మాటలు రికార్డు చేస్తే, ఆ పావుగంట తర్వాత పాత పాటలే వినిపిస్తాయి. మార్కప్ యాప్ సరిగ్గా అదే చేసింది. పాత ఫైల్‌ను ఖాళీ చేయకుండా, దాని మొదటినుంచి కొత్త బొమ్మను రాసింది. స్క్రీన్‌షాట్ 12 లక్షల బైట్లు, క్రాప్ చేసిన ముక్క 3 లక్షల బైట్లు అనుకుందాం. మొదటి 3 లక్షల బైట్లలో కొత్త ముక్క వచ్చి కూర్చుంది. తర్వాతి 9 లక్షల బైట్లు పాత స్క్రీన్‌షాట్‌వే, కదలకుండా అక్కడే ఉన్నాయి.

అసలు తప్పు ఒక్క అక్షరంలో ఉంది. ఆండ్రాయిడ్‌లో ఫైల్‌ను రాయడానికి తెరిచేటప్పుడు ప్రోగ్రామర్ "w" అని చెప్పేవాడు. ఆ మాటకు మొదట ఉన్న అర్థం, పాతదంతా ఖాళీ చేసి రాయమని. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10లో ఆ అర్థం మారింది. ఖాళీ చేయడం కూడా కావాలంటే "wt" అని విడిగా చెప్పాలి. ఆ రెండో అక్షరం లేకపోతే పాతదాని మీదే రాస్తుంది. మార్కప్ యాప్ కోడ్ పాత అలవాటు ప్రకారమే నడిచింది. ఎక్కడా ఎర్రర్ రాలేదు, బొమ్మ చక్కగా తెరుచుకుంది. అందుకే ఏళ్ల తరబడి ఎవరికీ అనుమానం రాలేదు.

బొమ్మ చక్కగా తెరుచుకోవడానికి కారణం పీఎన్‌జీ ఫైల్ నిర్మాణంలో ఉంది. స్క్రీన్‌షాట్లు ఎక్కువగా పీఎన్‌జీ రకంలోనే ఉంటాయి. ఆ ఫైల్ వరుసగా పేర్చిన ముక్కలతో తయారవుతుంది. చివరి ముక్క పేరు IEND, ఇక బొమ్మ అయిపోయిందని చెప్పే గుర్తు. గ్యాలరీ యాప్ గానీ బ్రౌజర్ గానీ IEND కనిపించగానే చదవడం ఆపేస్తాయి. దాని తర్వాత ఎన్ని లక్షల బైట్లున్నా పట్టించుకోవు. మార్కప్ సేవ్ చేసిన ఫైల్లో కొత్త ముక్కకు IEND వస్తుంది, ఆ తర్వాత పాత స్క్రీన్‌షాట్ మిగులు, దాని చివర పాత IEND. ఒకే ఫైల్లో రెండు ముగింపులు.

మిగులు ఉన్నంత మాత్రాన బొమ్మ తిరిగొస్తుందని కాదు. పీఎన్‌జీలో పిక్సెళ్లు కుదించి ఉంటాయి. ముందెప్పుడో వచ్చిన బైట్ల వరుస మళ్లీ వస్తే, దాన్ని తిరిగి రాయకుండా ఇంత వెనక్కి వెళ్లి చూసుకో అని రాస్తారు. అలా వెనక్కి చూసే దూరం 32 కేబీ వరకూ ఉండొచ్చు. మొదటి పావు భాగం చెరిగిపోయిన ఫైల్లో వెనక్కి వెళ్లి చూస్తే అక్కడ ఉండాల్సింది లేదు. మధ్యలోంచి చదవడం మొదలుపెట్టాలన్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. బుకానన్ దీనికి దారి కనిపెట్టాడు. కుదించిన డేటా ఒకే ముద్దగా ఉండదు, విడివిడి బ్లాకులుగా ఉంటుంది, ప్రతి బ్లాకుకూ దాని సంకేతాల పట్టిక మొదట్లోనే ఉంటుంది. మిగులు భాగంలో ఒక్కో బిట్ దగ్గరా ఇక్కడినుంచి కొత్త బ్లాకు మొదలవుతుందా అని పరీక్షిస్తూ పోతే ఎక్కడో ఒకచోట సరిపోతుంది. అక్కడినుంచి చివరిదాకా విప్పవచ్చు. పోయిన వెనుకటి 32 కేబీ స్థానంలో ఏదో ఒకటి నింపి ముందుకు సాగుతారు. మొదట్లో కాస్త చెడిపోయిన చుక్కలు వస్తాయి, తర్వాత బొమ్మ తేటపడుతుంది.

దీన్నిబట్టి ఏ భాగం తిరిగొస్తుందో కూడా చెప్పవచ్చు. పీఎన్‌జీలో పిక్సెళ్లు పై వరుసనుంచి కిందికి రాస్తారు. ఫైల్ మొదటి భాగం చెరిగిపోయింది కాబట్టి స్క్రీన్‌షాట్ పై భాగం పోతుంది, కింది భాగం బయటికొస్తుంది. ఎంత చిన్న ముక్కగా క్రాప్ చేస్తే అంత తక్కువ చెరుగుతుంది, అంత ఎక్కువ తిరిగొస్తుంది. గోప్యత కోసం బాగా కురచగా కత్తిరించినవాళ్ల స్క్రీన్‌షాట్లే ఎక్కువగా బయటపడ్డాయన్నమాట. కొత్త ఫైల్ పాతదానికన్నా పెద్దదైతే మాత్రం పాతది పూర్తిగా మాసిపోతుంది, తిరిగొచ్చేది ఏమీ ఉండదు.

బుకానన్ ఈ పద్ధతిని తన పాత స్క్రీన్‌షాట్ల మీదే ప్రయోగించాడు. డిస్కార్డ్‌లో తాను గతంలో పంపిన బొమ్మలన్నీ వెతికించాడు. ఈబేలో కొన్న వస్తువు తాలూకు మెయిల్‌ను స్క్రీన్‌షాట్ తీసి, వస్తువు పేరు వరకే క్రాప్ చేసి పంపిన బొమ్మ ఒకటి దొరికింది. దాన్ని విప్పితే అదే మెయిల్లో ఉన్న అతని ఇంటి పూర్తి చిరునామా బయటపడింది.

పిక్సెల్ లోపం బయటపడిన కొద్ది రోజులకే విండోస్‌లోనూ దాని తోబుట్టువు దొరికింది. విండోస్ 11లోని స్నిప్పింగ్ టూల్, విండోస్ 10లోని స్నిప్ అండ్ స్కెచ్ కూడా పాత ఫైల్‌ను ఖాళీ చేయకుండానే రాస్తున్నాయని తేలింది. దాని సంఖ్య CVE-2023-28303. ఇక్కడ ఒక షరతుంది. స్క్రీన్‌షాట్ తీసి, సేవ్ చేయకముందే క్రాప్ చేసి, మొదటిసారిగా సేవ్ చేస్తే ఏ ఇబ్బందీ లేదు. ముందు ఒకసారి సేవ్ చేసి, తర్వాత క్రాప్ చేసి, అదే పేరుతో అదే ఫైల్ మీద మళ్లీ సేవ్ చేసినప్పుడే పాత బొమ్మ మిగులు ఉండిపోయేది. గూగుల్ 2023 మార్చి నెల భద్రతా అప్‌డేట్‌లో పిక్సెల్ లోపాన్ని సరిచేసింది. మైక్రోసాఫ్ట్ కూడా అదే నెలలో తన స్టోర్ ద్వారా రెండు యాప్‌లకూ సవరణ పంపింది.

ఆ అప్‌డేట్లు కొత్తగా సేవ్ చేసే ఫైళ్లను మాత్రమే కాపాడతాయి. అంతకుముందే సేవ్ అయిన ఫైళ్లు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. వాటిలో ఏవి ప్రమాదకరం అన్నది, అవి ఏ దారిలో ప్రయాణించాయన్నదాన్ని బట్టి ఉంటుంది. ట్విట్టర్ లాంటి వేదికలు వచ్చిన బొమ్మను తామే విప్పి తిరిగి కుదిస్తాయి. ఆ క్రమంలో IEND తర్వాత ఉన్న చెత్తంతా రాలిపోతుంది. డిస్కార్డ్ 2023 జనవరి మధ్య వరకూ ఫైల్‌ను వచ్చింది వచ్చినట్టే ఉంచేది, అందుకే పాత బొమ్మలు అక్కడ దొరికాయి. మన ఇళ్లలో ఎక్కువగా వాడే వాట్సాప్‌లో రెండు దారులూ ఉన్నాయి. ఫోటోగా పంపితే అది తిరిగి కుదించి పంపుతుంది. క్వాలిటీ పోకూడదని డాక్యుమెంట్‌గా పంపితే ఒక్క బైటు కూడా మారకుండా వెళ్తుంది. ఫైల్ చివర ఏది దాగి ఉంటే అది కూడా వెళ్తుంది. వర్డ్, పవర్‌పాయింట్, పీడీఎఫ్ ఫైళ్లు ఎప్పుడూ రెండో దారిలోనే వెళ్తాయి.

పాత పీఎన్‌జీ స్క్రీన్‌షాట్‌లో మిగులు ఉందో లేదో తెలుసుకోవాలంటే, పైథాన్ ఉన్న కంప్యూటర్‌లో ఈ మూడు పంక్తులు చాలు:

```python
d = open("shot.png", "rb").read()
i = d.find(b"IEND")
print(len(d) - i - 8)
```

ఇది మొదటి IEND ఎక్కడుందో వెతికి, ఆ గుర్తు పూర్తయ్యాక ఇంకా ఎన్ని బైట్లు మిగిలాయో చెబుతుంది. సున్నా వస్తే ఫైల్ ఆ గుర్తుతోనే ముగిసింది. లక్షల్లో సంఖ్య వస్తే, అదీ పిక్సెల్ ఫోన్లోనో స్నిప్పింగ్ టూల్‌లోనో క్రాప్ చేసిన బొమ్మ అయితే, అనుమానించాల్సిందే. ఇతర కారణాలతో కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫైల్ చివర తమ సొంత సమాచారం చేరుస్తాయి కాబట్టి, సున్నా రానంత మాత్రాన పాత స్క్రీన్‌షాట్ దాగి ఉందని తేల్చేయకూడదు. శుభ్రం చేయడం తేలిక. ఆ బొమ్మను పెయింట్ లాంటి ఏదైనా యాప్‌లో తెరిచి, కొత్త పేరుతో సేవ్ చేస్తే కొత్త ఫైల్‌లోకి కనిపించే పిక్సెళ్లు మాత్రమే వెళ్తాయి.

జేపెగ్ ఫోటోల్లో ఇంకో చిన్న మూల ఉంది. కెమెరాలు, ఫోన్లు ఫోటోతోపాటు ఒక సూక్ష్మరూపాన్ని కూడా ఫైల్ మొదట్లో ఉంచుతాయి. కెమెరా తెర మీద గబగబా చూపించడానికి అది పనికొస్తుంది. కొన్ని పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఫోటోను క్రాప్ చేసి, ఈ సూక్ష్మరూపాన్ని మార్చడం మరిచిపోయేవి. బొమ్మ కొత్తది, సూక్ష్మరూపం పాతది. అది చిన్నదే, ఫోన్ నంబర్లు చదవడానికి చాలకపోవచ్చు. ఫోటోలో పక్కన ఎవరున్నారో, గది ఎలా ఉందో గుర్తుపట్టడానికి మాత్రం సరిపోతుంది.

ఏ సాఫ్ట్‌వేర్ ఎలా సేవ్ చేస్తుందో తెలుసుకునే ఓపిక లేనివాళ్లకు ఒక అడ్డదారి ఉంది. డాక్యుమెంటులో ఫోటోను పెట్టి అక్కడ క్రాప్ చేసే బదులు, ముందే ఫోటోల యాప్‌లోనో పెయింట్‌లోనో క్రాప్ చేసి, కొత్త పేరుతో జేపెగ్‌గా సేవ్ చేసి, ఆ కొత్త ఫైల్‌ను డాక్యుమెంటులో చేర్చాలి. అప్పుడు వర్డ్‌కు దాచడానికి ఏమీ దొరకదు. media ఫోల్డర్లో ఆ చిన్న ముక్కే ఉంటుంది, డాక్యుమెంటు కూడా తేలికవుతుంది. ఐఫోన్‌లో ఇలా క్రాప్ చేసి పంపేవాళ్లు ఎయిర్‌డ్రాప్ వాడేటప్పుడు Options తెరిచి, All Photos Data అన్నది ఆగి ఉందో లేదో చూసుకోవాలి. అది ఆన్‌లో ఉంటే, అవతలి ఐఫోన్‌కు మార్పుల చరిత్రతోపాటు అసలు ఫోటో కూడా చేరుతుంది.

ఇప్పటికే గ్రూపులో పడిపోయిన ఫైల్ సంగతి వేరు. వాట్సాప్‌లో అందరికీ తొలగించినా, అప్పటికే ఎవరైనా దించుకుని ఉంటే ఆ నకలు వాళ్ల దగ్గరే ఉంటుంది. శుభ్రం చేసిన ఫైల్‌ను మళ్లీ పంపడం వల్ల కొత్తగా తెరిచేవాళ్లకే ప్రయోజనం. అలాంటప్పుడు చేయగలిగింది, కత్తిరించిన భాగంలో ఏముందో జాబితా రాసుకుని, మార్చడానికి వీలైనవి మార్చేయడం. పాస్‌వర్డ్ కనిపించి ఉంటే దాన్ని మార్చుకోవచ్చు, కార్డు నంబరైతే బ్యాంకుకు చెప్పి ఆ కార్డును ఆపించి కొత్తది తీసుకోవచ్చు. ఫోన్ నంబరో ఇంటి చిరునామానో అయితే అలా మార్చడం కుదరదు కాబట్టి, ఆ వివరాలు ఎవరివో వాళ్లకు జరిగింది వెంటనే తెలియజేయాలి.